పెన్సిలిన్ పడదు

రాయగడలో పాత భూమి తగాదా ఏదైనా కోర్టుకెక్కిందంటే ఎక్కడో ఒకచోట తెలుగు కాగితం బయటపడుతుంది. ఈ కొండప్రాంతం మద్రాసు పాలనలో ఉన్న రోజుల్లో జయపురం సంస్థానం కచేరీల్లో తెలుగు గుమాస్తాలు రాసినవి అవి. గొలుసుకట్టు రాత, చిల్లులు పడ్డ కాగితం. ఇప్పటి వకీళ్ళలో వాటిని చదవగలిగినవాళ్ళు తక్కువ. అలాంటి కాగితం చేతికొస్తే వాళ్ళు గౌతమికి ఫోన్ చేస్తారు.

గౌతమి ముత్తాత కూడా అలాంటి గుమాస్తానే. ఆమె మాత్రం ఒడియా బడిలో చదువుకుని, కొరాపుట్ కాలేజీలో ఇంగ్లీషు నేర్చుకుంది. తెలుగు ఇంట్లో, తాతగారి దగ్గర పలక మీద వచ్చింది. ముందు ఓ ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. తర్వాత మానేసి, తెలుగు నుంచి ఇంగ్లీషుకీ ఒడియాకీ అనువాదాలు చేయడం మొదలుపెట్టింది. దస్తావేజులు, పెళ్ళి ధ్రువపత్రాలు, ఆంధ్రా ఆసుపత్రుల రిపోర్టులు ఆమె దగ్గరకే వచ్చేవి. నలభై దాటిన మనిషి. చెయ్యి ఊరికే ఉండదు. పంపేసిన కాగితాన్ని మళ్ళీ తెరిచి చదువుకుంటుంది. రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసే భర్త మాధవ్ దీని మీద ఎన్నోసార్లు విసుక్కున్నాడు.

"పంపేసేక ఇంకేటి చూస్తావు? బండి వెళ్ళిపోయింది కదా!"

"తప్పుంటే?"

"ఉంటే వాళ్ళే చెప్తారు."

ఎవరూ చెప్పరని గౌతమి అనుమానం. అనువాదం అడిగేవాడికి అసలు భాష రాదు. అసలు భాష వచ్చినవాడు అనువాదం చదవలేడు. ఇద్దరికీ మధ్య తను ఒక్కతే ఉంటుంది.

వాళ్ళ వీధిలోనే అప్పలనరసమ్మ ఉంటుంది. భర్త పోయాక టిఫిన్ బండి నడిపి కొడుకుని ఐటీఐ చదివించింది. ఆ కొడుకు ధనుంజయ్ తెరుబలి వైపు ఓ ప్లాంటులో ఎలక్ట్రీషియన్. కొత్త యంత్రం కొన్న సందర్భంలో కంపెనీవాళ్ళు అతన్నీ, శ్రావణ్‌కుమార్ అనే మరో కుర్రాణ్ణీ శిక్షణ కోసం ఇటలీ పంపారు. ఉత్తరాన ఓ చిన్న ఊరు. అక్కడ చేరిన కొన్నాళ్ళకి ధనుంజయ్ పిక్కకి ఇనప రేకు గీసుకుంది. చిన్న దెబ్బే కదా అని గుడ్డ కట్టుకుని పనిలోకి వెళ్ళాడు. అది చీము పట్టింది. తర్వాత ఒళ్ళు కాలే జ్వరం, ఆ జ్వరంలో సంధి మాటలు. ఆసుపత్రిలో చేర్చారు.

డాక్టర్లు శ్రావణ్‌కుమార్ని అడిగారు: ఇతనికి ఇదివరకు ఏమైనా జబ్బులున్నాయా? ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా? అతనికేం తెలుసు! తల్లిని అడిగి, ఇంగ్లీషులో రాసి పంపండి, మేము ఇటాలియన్‌లోకి మార్చుకుంటాం అన్నారు వాళ్ళు. అక్కడ తెలుగు తెలిసిన మనిషి ఎక్కడ దొరుకుతాడు?

అప్పలనరసమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ గౌతమి ఇంటికి వచ్చింది. గౌతమి కంప్యూటర్ ముందు కూచుంది. ఆవిడ నిలబడే చెప్పింది.

"ఆడికి పెన్సిలిన్ పడదమ్మీ. సిన్నప్పుడు సూది ఏస్తే పడనేదు, సచ్చి బతికేడు. ఆళ్ళ నాన్న గుండెపోటొచ్చి పోనాడు. ఊరెల్లే ముందు రెండ్రోజులు ఇరేసనాలు అయ్యేయి. ఆ డాక్టరు బాబుకి సెప్పు, నా కొడుకుని సూసుకోమని."

గౌతమి ఎప్పట్లా పొందిగ్గా రాసింది. ఆసుపత్రి కాగితం కదా, ఏడుపులూ మొరలూ ఉండకూడదని, ఒక్కో సంగతీ ఒక్కో వరుసలో పెట్టింది. తండ్రి దగ్గర 'ఎక్స్‌పైర్డ్, హార్ట్ అటాక్' అని రాసింది. విరేచనాల దగ్గర 'లూజ్ మోషన్స్' అంది. మందు సంగతికి 'పెన్సిలిన్ డజ్ నాట్ సూట్ హిమ్' అని రాసి, 'సచ్చి బతికేడు' దగ్గర కాస్త ఆగింది. ఉన్నదున్నట్టు రాస్తే చనిపోయి లేచాడని అర్థమవుతుంది. 'చిన్నతనంలో బాధపడ్డాడు' అన్న అర్థం వచ్చేలా ఒక చిన్న వాక్యం రాసి, కింది వరుసలో పెట్టింది. ఒకటికి రెండుసార్లు చదివింది. ఎక్కడా తప్పు కనపడలేదు. శ్రావణ్‌కుమార్ ఫోనుకి పంపింది.

ఆ తర్వాత రెండ్రోజులు కబురు బాగానే వచ్చింది. ఏదో యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నారు, జ్వరం కొంచెం దిగింది అన్నాడు శ్రావణ్‌కుమార్.

మూడో రోజు పొద్దున్న గౌతమి కొరాపుట్ రైలెక్కింది. అక్కడి వకీలుకి ఓ దస్తావేజు అనువాదం ఇవ్వాలి. బండి రాయగడ వదిలి కొండల్లోకి ఎక్కాక సిగ్నల్ పోతూ వస్తూ ఉంది. ఆ దారంతా సొరంగాలు. ఒక సొరంగం దాటగానే ఫోన్ వరసగా మోగింది. రాత్రి తను పడుకున్నాక శ్రావణ్‌కుమార్ పంపినవి ఇప్పుడు దిగాయి. ఒక ఫోటో, ఒక వాయిస్ మెసేజ్.

"మేడమ్, అప్పలనరసమ్మత్తకి చూపించండి, ఇదే మీరు రాసింది ఇటాలియన్‌లో. ఫైల్లో పెట్టేరు. ఇంకో సంగతి. రేపు పొద్దున్న రౌండ్స్‌లో మందు మారుస్తారంట. చీము టెస్టు చేసేరు. ఈ క్రిమికి పెన్సిలినే బాగా పనిచేస్తాదంట. ఇదివరకు అది మనోడికి గుణం ఇవ్వలేదని కాగితంలో ఉంది గానీ, లాబులో పనిచేస్తాదని వచ్చింది కాబట్టి పర్లేదంట. మీరేం కంగారు పడకండి."

గౌతమి మెసేజ్ మళ్ళీ పెట్టింది. 'గుణం ఇవ్వలేదని కాగితంలో ఉంది' అన్న చోట వేలు ఆగిపోయింది. తను అలా రాయలేదు. వెంటనే శ్రావణ్‌కుమార్‌కి ఫోన్ చేసింది. మోగలేదు. అక్కడ ఇంకా తెల్లవారలేదు, ఫోన్ కట్టేసి నిద్రపోతున్నట్టున్నాడు. 'పెన్సిలిన్ ఇవ్వొద్దని చెప్పండి, అది ఎలర్జీ' అని టైపు చేసి పంపింది. ఒకటే టిక్కు. ఆ టిక్కునే చూస్తూ ఉండగా బండి మళ్ళీ చీకట్లోకి దూరింది.

టికిరి స్టేషన్లో బండి ఆగింది. గౌతమి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడి, ఇటాలియన్ కాగితం ఫోటోని ఫోన్లో ఉన్న అనువాదం యాప్‌కి ఇచ్చి తెలుగులో చూపించమంది. తెర మీద తెలుగు అక్షరాలు వచ్చాయి.

'తండ్రి: గడువు ముగిసింది.'

నవ్వొచ్చింది. పక్కనున్న వేరుశనగల మనిషి ఆమెని వింతగా చూశాడు. కింది వరుస చదివింది. 'ప్రయాణానికి ముందు వదులు కదలికలు.' తర్వాత, 'పెన్సిలిన్ అతనికి సరిపోదు.' ఆ కిందే, దానికి ఏ సంబంధం లేనట్టు, 'బాల్యంలో కష్టాలు అనుభవించాడు.'

నవ్వు ఎటు పోయిందో తెలీదు. సరిపోదంటే? చాలదనా? ఎక్కువ కావాలనా?

అయితే ఆమెకి ఇంకో అనుమానం కూడా పట్టుకుంది. ఈ తెలుగుని నమ్మొచ్చా? ఇలాంటి యాప్‌లు చాలామట్టుకు ఇటాలియన్ నుంచి తెలుగుకి తిన్నగా రావు, మధ్యలో ఇంగ్లీషులోకి దిగి వస్తాయని ఆమె ఎక్కడో చదివింది. తెలుగు నుంచి ఇంగ్లీషుకి తను మార్చింది. ఇంగ్లీషు నుంచి ఇటాలియన్‌కి ఆసుపత్రి మార్చింది. ఇప్పుడు తిరుగుదారిలో మళ్ళీ రెండు మలుపులు. ఎక్కడ విరిగిందో దీన్నిబట్టి తేలదు. అక్కడి కాగితం సరిగ్గానే ఉండి, ఈ ఫోనే చెడగొట్టి ఉండొచ్చు. లేదా కాగితమే తప్పు అయ్యుండొచ్చు. ఇటాలియన్ చదివి నేరుగా తెలుగులో చెప్పే మనిషి కావాలి.

కొరాపుట్ కొండల్లో అలాంటి మనిషి ఎవరు? బండి కదిలాక గుర్తొచ్చింది. ఫాదర్ బర్నబాస్. అక్కడి ఓ హాస్టల్ చూసే ఒడియా పాద్రీ. యవ్వనంలో రోమ్‌లో చదువుకున్నాడు. తర్వాత నారాయణపట్న వైపు ఆంధ్రా సరిహద్దు పల్లెల్లో చాలా ఏళ్ళు పనిచేసి తెలుగు నేర్చాడు. హాస్టల్ స్థలం పాత కాగితం ఒకటి గౌతమే ఆయనకి ఇంగ్లీషు చేసి ఇచ్చింది. ఫోటో పంపి, ఫోన్ చేసింది. మోగుతుండగానే సొరంగం. బయటికొచ్చి మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. లక్ష్మీపూర్ రోడ్, కాకిరిగుమ్మ దాటాయి. గౌతమి సీట్లో కూచోలేక పెట్టె ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉంది. తను కూచుంటే బండి మరింత నెమ్మదిస్తుందేమో అన్నట్టు.

దామన్‌జొడి దగ్గర ఆయనే చేశాడు.

"గౌతమిగారూ, క్లాసులో ఉన్నాను. కాగితం చూశాను. ఎవరిదమ్మా ఇది? నాన్నగారిని పాల ప్యాకెట్ చేసేశారు."

"అంటే?"

"స్కదూతో అని రాశారు. తేదీ దాటిపోయిన సరుకుకి వాడే మాట అది. మనిషికి వాడరు. మీరు ఎక్స్‌పైర్డ్ అని రాశారా?"

"రాసేను."

"అదే. మన దగ్గర అందరికీ తెలుసు. వాళ్ళకి అది సరుకు మాట. ఈ వదులు మోవిమెంతి ఏమిటి? కాళ్ళూ చేతులూ వదులుగా ఆడుతున్నాయా?"

"విరేచనాలు ఫాదర్! లూజ్ మోషన్స్ అన్నాను. అవి వదిలెయ్యండి. పెన్సిలిన్ దగ్గర ఏముందో చెప్పండి."

"పెన్సిలిన్ ఇతనికి తగిన మందు కాదు అని ఉంది. అంతే. ఎందుకు తగదో లేదు. ఎలర్జీ అన్న మాటే లేదు."

"నేను సూట్ కాదన్నాను."

"మన ఇంగ్లీషులో సూట్ కాదంటే పడదని ప్రతి కాంపౌండరుకీ తెలుసమ్మా. బయటివాళ్ళకి తెలీదు. చొక్కా నప్పలేదన్నట్టు ఉంటుంది. డాక్టరు దాన్ని, ఇదివరకు వాడితే నయం కాలేదని తీసుకున్నాడేమో."

అదే తీసుకున్నాడు. శ్రావణ్‌కుమార్ మాట ఇప్పుడు అర్థమైంది. ఫోన్లో యాప్ తప్పు చెయ్యలేదు, అక్కడి మనుషులూ చెయ్యలేదు. ఆసుపత్రివాళ్ళు తను రాసిన ఇంగ్లీషునే మార్చారు. అసలు ఇంగ్లీషులోనే దాగున్న తెలుగుని వాళ్ళెలా చూడగలరు? గౌతమి రైలు కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది.

"ఫాదర్, ఇవాళ పొద్దున్న రౌండ్స్‌లో ఆ మందు ఎక్కిస్తారట."

"వాళ్ళ పొద్దున్న అంటే మనకి మధ్యాహ్నం దాకా టైముంది. నేను ఇటాలియన్‌లో రాసిస్తాను. కానీ సరిగ్గా చెప్పండి. అప్పుడేం జరిగింది ఆ పిల్లాడికి? దురదా? వాంతా? ఒట్టి ఎలర్జీ అంటే ఎంతదని అడుగుతారు."

ఆమె అడగలేదు. పడదు అన్న మాట అంత మామూలుగా అనిపించింది. అందులో అడగాల్సిందేముందనుకుంది.

అప్పలనరసమ్మకి ఫోన్ చేసింది. అవతల గిన్నెల చప్పుడు.

"పిన్నీ, ధనుంజయ్‌కి పెన్సిలిన్ పడలేదన్నావు కదా. పడక ఏమైంది?"

"పడనేదంటే పడనేదే. ఇంకేటి సెప్పాలి?"

"ఒళ్ళంతా దద్దుర్లు లేచాయా? ఊపిరాడలేదా? అప్పుడు చూసినట్టే చెప్పు."

గిన్నెల చప్పుడు ఆగింది. "సూది ఏసి ఇంకా బల్ల దిగనేదు. మొకం ఉబ్బిపోనాది. కళ్ళు మూసుకుపోనాయి. గొంతు పిసికేసినట్టు ఈలేసినాది ఊపిరి. ఆడి పెదాలు నల్లబడిపోనాయమ్మీ. ఆ కాంపౌండరు పరిగెట్టుకొచ్చి ఇంకో సూది పొడిసేడు కాబట్టి... నాను అప్పుడే సెప్పేను కదా, సచ్చి బతికేడని. నువ్వు రాయనేదేటి?"

గౌతమి సంచిలోంచి పెన్ను తీసి, దస్తావేజు కవరు వెనక ఆ మాటలన్నీ రాసుకుంది.

"ఏటయ్యింది అమ్మీ? ఎందుకడుగుతున్నావు? ఏసేసినారేటి ఆ సూది?"

"లేదు పిన్నీ. వెయ్యనివ్వం." అంది, ఆ మాట నిజమో కాదో తెలియకుండానే.

కొరాపుట్ స్టేషన్ నుంచి ఆటోలో నేరుగా హాస్టల్‌కి వెళ్ళింది. వకీలు ఫోన్ చేస్తుంటే కట్ చేసింది. ఫాదర్ బర్నబాస్ భోజనాల గదిలో కాగితాలు పరుచుకుని కూచున్నాడు. వంటమనిషి లిప్సా అక్కడే పప్పు ఏరుతోంది. గౌతమి తెలుగులో చెప్పింది, అప్పలనరసమ్మ చెప్పిన క్రమంలోనే. ఆయన ఇంగ్లీషు మాటెత్తకుండా ఇటాలియన్‌లో రాశాడు. సూది వేసిన వెంటనే. ముఖం వాపు. ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. ఇంకో సూదితో బతికించారు. పైన పెద్ద అక్షరాలతో అల్లెర్జియా. తర్వాత తండ్రిది సరిచేశాడు, విరేచనాలు సరిచేశాడు.

"చివర్లో ఆ తల్లి ఇంకేదో అంది కదా?"

"కొడుకుని చూసుకోమంది. అది నేను రాయనేలేదు ఫాదర్."

"రాద్దాం. డాక్టర్ని ఆవిడ నువ్వు అందా, మీరు అందా?"

గౌతమి తలెత్తి చూసింది.

"వాళ్ళ భాషలోనూ రెండున్నాయమ్మా, మనలాగే. మధ్యలో ఇంగ్లీషొస్తే రెండూ ఒకటైపోతాయి."

"డాక్టరు బాబు అంది."

"అయితే మీరు అనే రాస్తాను."

కాగితం ఫోటో తీసి శ్రావణ్‌కుమార్‌కి పంపారు. ఇంకా ఒకటే టిక్కు. ఆయన దాన్ని నమ్ముకోలేదు. తనతో రోమ్‌లో చదివిన ఓ పాద్రీ ఇప్పుడు ఆ ఊరికి దగ్గర్లోనే ఉన్నాడు. ఆయనకి ఫోన్ చేశాడు. నిద్ర గొంతుతో అవతలి మనిషి మాట్లాడుతుంటే, గౌతమికి అర్థమయ్యే మాట పెన్సిలిన్ ఒక్కటే. అది వినపడ్డ ప్రతిసారీ ఫాదర్ మొహంలోకి చూసింది.

ఫోన్ పెట్టేసి, "వార్డుకి తను ఫోన్ చేస్తానన్నాడు. ఎత్తకపోతే స్వయంగా వెళ్తాడట," అన్నాడాయన.

తర్వాత వేచి ఉండడమే. గౌతమి భోజనాల గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గేటు దగ్గరికి నడిచింది. పిల్లలు భోజనానికి వచ్చారు, తిన్నారు, వెళ్ళారు. లిప్సా పళ్ళెంలో అన్నం పెట్టి తెస్తే రెండు ముద్దలు కలిపి వదిలేసింది. 'ఏసేసినారేటి' అన్న ప్రశ్న చెవుల్లోంచి పోలేదు. తను సంధి మాటల కొడుక్కి తల్లి గొంతై ఉండాల్సింది. ఆ గొంతులోంచి భయం తీసేసి, శుభ్రంగా మడతపెట్టి పంపింది.

ఫాదర్ ఫోన్ మోగింది. ఆయన విన్నాడు, రెండుసార్లు తలాడించాడు, ఏదో అడిగాడు. గౌతమి గేటు దగ్గర నుంచి దాదాపు పరిగెత్తుకొచ్చింది.

"మందు కలిపి సిద్ధం చేశారట. ఇంకా ఎక్కించలేదు. పక్కన పెట్టేశారు. చేతికి ఎర్ర పట్టీ కట్టారు, ఎలర్జీ అని. డాక్టరు వేరే మందు రాశారు." ఆయన కొంచెం నవ్వాడు. "ఇంకోటి. ఆ వదులు కదలికల కోసం నిన్న నరాల డాక్టరు వచ్చి మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూసి వెళ్ళాడట."

గౌతమి వరండా మెట్టు మీద కూచుంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పలనరసమ్మకి ఫోన్ చేసి చెప్పింది. అవతల ముక్కు చీదడం వినిపించింది. సాయంత్రానికి గాని ఫోన్ తెరవని శ్రావణ్‌కుమార్ అప్పుడు వరసగా ఫోన్లు చేశాడు, క్షమించమన్నాడు. తప్పు అతనిది కాదని గౌతమి చెప్పింది.

ఇంటికి చేరాక కూడా ఆమె స్థిమితపడలేదు. పాత ఫైళ్ళు తెరిచి కూచుంది. ఎన్ని చోట్ల ఎక్స్‌పైర్డ్ అని రాసింది? ఎన్ని రిపోర్టుల్లో ఎవరికి ఏ మందు సూట్ కాలేదంది? విశాఖ ఆసుపత్రికి వెళ్ళినవాటితో పర్లేదు, అక్కడివాళ్ళకి అర్థమవుతుంది. దుబాయ్‌కి వెళ్ళినవి ఉన్నాయి. జర్మనీ వెళ్ళిన ఓ నర్సు కాగితాలున్నాయి. వాళ్ళందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఫలానా చోట ఫలానా మాట మార్చుకోండని చెప్పింది. కొందరు విసుక్కున్నారు. ఆ నర్సు మాత్రం, "అక్కా, అందుకేనా మా నాన్న గురించి వాళ్ళు అలా అడిగేరు!" అంది. మాధవ్ ఈసారి బండి వెళ్ళిపోయిందనలేదు. పక్కన కూచుని నంబర్లు చదివి పెట్టాడు.

ధనుంజయ్ మూడు వారాల తర్వాత కుంటుకుంటూ వచ్చాడు. అతనితో పాటు ఇటాలియన్‌లో డిశ్చార్జి కాగితం వచ్చింది. కంపెనీ ఆఫీసు దాన్ని ఇంగ్లీషు చేయించి ఇస్తామంది. అప్పలనరసమ్మ ఒప్పుకోలేదు. "మజ్జిలో ఇంగిలీసొద్దు బాబూ," అని కాగితం లాక్కుని గౌతమికిచ్చింది.

ఒక ఆదివారం గౌతమి, ఫాదర్ బర్నబాస్ హాస్టల్ వరండాలో కూచుని దాన్ని నేరుగా తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. మూడో వరుసలోనే గొడవొచ్చింది. రోగి గాంబా మీద బరువు వెయ్యకూడదని ఉంది. ఫాదర్ 'కాలు' అన్నాడు. గౌతమి ఒప్పుకోలేదు.

"కాలంటే మనకి తొడ నుంచి పాదం దాకా అంతా కాలే. వాళ్ళ గాంబా ఎంతవరకు?"

"మోకాలి కిందది. వాడుకలో మొత్తం కాలుకీ అంటారు."

"ఇక్కడ ఏది?"

"డాక్టర్ని అడగాలి."

"అడగండి మరి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, ఫోన్ అందుకున్నాడు. గౌతమి ఆ వరుసలో ఖాళీ వదిలి, కింది వరుసకి వెళ్ళింది.